కంపెనీ అంటే రెండు అర్థాలు

సైన్యంలో 22 ఏళ్లు పనిచేసి, హవల్దార్‌గా రిటైరై ఊరొచ్చిన ఒకాయన్ని అనుకుందాం. విశాఖలో ఓ ఆసుపత్రికి సెక్యూరిటీ సూపర్‌వైజర్ కావాలన్న ప్రకటన చూసి ఈమెయిల్ రాశాడు. ‘సవినయంగా విన్నవించుకునేదేమనగా’ అని మొదలుపెట్టి, చివరి మూడేళ్లూ సీక్యూఎంహెచ్‌గా చేశానని ఒక్క ముక్కలో తేల్చేసి, మిగతాదంతా పతకాలతో నింపాడు.

చదివే హెచ్ఆర్ ఉద్యోగినికి అందులో అర్థమైంది తక్కువ. సీక్యూఎంహెచ్ అంటే కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్. విడమరిచి చెప్పినా చిక్కు తీరదు, ఎందుకంటే ఆమె దృష్టిలో కంపెనీ అంటే జీతమిచ్చే సంస్థ, ఆయన దృష్టిలో సుమారు 120 మంది జవాన్ల దళం. యూనిట్‌లో దరఖాస్తు చదివే అధికారికి రాసినవాడెవరో, ఏం చేస్తాడో ముందే తెలుసు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు.

అందుకే హోదా పక్కన పని రాయాలి. ‘సుమారు 120 మంది దుస్తులు, పరుపులు, గుడారాల లెక్క మూడేళ్లు చూశాను. నెలకోసారి స్టోరులో సామాను ఎంచి రిజిస్టరుతో సరిచూసేవాణ్ణి. బాధ్యత అప్పగించిన రోజు ఒక్క వస్తువూ తగ్గలేదు. రాత్రి కాపలాకు ఎవరు ఏ వేళకు నిలబడాలో పట్టిక వేసేవాణ్ణి.’ ఈ నాలుగు వాక్యాలు చదివితే ఆసుపత్రి వాళ్లకు తమ స్టోరూ, తమ రాత్రి షిఫ్టూ గుర్తొస్తాయి. పతకాలకు చివర్లో ఒక వాక్యం చాలు.

చాలామంది వదిలేసే మాట ఇంకొకటుంది. గార్డులను సరఫరా చేసే ఏజెన్సీకి రాస్తుంటే 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టాన్ని ప్రస్తావించవచ్చు. సూపర్‌వైజర్లను తీసుకునేటప్పుడు సైన్యంలోనో పోలీసు శాఖలోనో కనీసం మూడేళ్లు చేసినవారికి ప్రాధాన్యం ఇవ్వాలని అందులో ఉంది. గార్డు శిక్షణ కూడా మాజీ సైనికులకు తక్కువే. కేంద్రం నమూనా నియమాల ప్రకారం కొత్తవాళ్లకు 160 గంటలైతే వీళ్లకు 56. రాష్ట్రాలకు సొంత నియమాలుంటాయి కనుక అంకె వేసేముందు వాటిని ఓసారి చూసుకోవాలి.

రాయకూడనివీ ఉన్నాయి. సరిహద్దులో యూనిట్ ఎక్కడుండేదో, ఆయుధాలు ఎన్నుండేవో ఉద్యోగానికి అక్కర్లేదు, బయటపెట్టకూడదు కూడా. డిశ్చార్జి బుక్ మొత్తం స్కాన్ చేసి మొదటి ఈమెయిల్‌కే జతచేస్తే ఒంటిమీది పుట్టుమచ్చలతో సహా ముక్కూమొహం తెలియనివారి చేతిలో పడతాయి. బయోడేటా పంపి, అసలు పుస్తకం ఇంటర్వ్యూకు పట్టుకెళ్తే సరి. ‘పింఛను వస్తోంది, జీతం ఎంతైనా ఫర్వాలేదు’ అన్న వాక్యమైతే బేరాన్ని ముందే ఓడిపోవడం.

సబ్జెక్టు గడిలో ‘దరఖాస్తు’ అని వదిలేయకుండా ‘సెక్యూరిటీ సూపర్‌వైజర్ – మాజీ సైనికుడు, 22 ఏళ్ల సర్వీసు, వెంటనే చేరగలను’ అని రాస్తే తెరవకముందే విషయం తెలుస్తుంది. సంతకంలో హవల్దార్ అని పెట్టుకోవచ్చు, పేరు తర్వాత రిటైర్డ్ అని చేర్చాలి. దాని కిందే ఫోన్ నంబరు.