హడావిడి లేని పుట్టినరోజు

జనం మధ్య ఇబ్బంది పడే మనిషికి సర్‌ప్రైజ్ ఇవ్వాలంటే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అలాంటివాళ్లకు కొత్త చోటు చూస్తే సంతోషమే. తాము సిద్ధంగా లేనప్పుడు పదిమంది కళ్లు తమ మీద పడటమే నచ్చదు. అందుకని రోజు, వేళ, ఎవరెవరు వస్తున్నారు, ఇంటికి తిరిగొచ్చేది ఎప్పుడు అన్నీ ముందే చెప్పేయాలి. దాచాల్సినవి రెండే, వెళ్లే చోటు, డబ్బాలో ఉన్న తిండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విశాఖపట్నంలో ఉండే జంట. ఆవిడకు బ్యాంకు కౌంటర్లో రోజంతా జనమే. డిసెంబరులో పుట్టినరోజు. కేకు, బెలూన్లు అంటే ఆమడ దూరం. ఇలాంటివాళ్లకు అనకాపల్లి జిల్లాలోని కొండకర్ల ఆవ బాగుంటుంది. నగరం నుంచి కారులో గంటన్నర లోపే. తామరాకులు పరుచుకున్న మంచినీటి చెరువు, చలికాలంలో వలస వచ్చే పక్షులు, తాటి మానును తొలిచి రెండేసి జతకట్టిన దోనెలు. కబుర్లు చెప్పినా, చెప్పకపోయినా అక్కడ చూడ్డానికి ఏదో ఒకటి ఉంటుంది. మాటలు తక్కువగా ఉండే మనిషికి అది పెద్ద సౌకర్యం.

చోటు కన్నా వేళను ఎంచుకోవడమే కష్టం. కార్తీకమాసంలో వనభోజనాల వాళ్లు, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా సెలవుల వాళ్లు, సంక్రాంతికి ఊళ్లకొచ్చిన వాళ్లు ఇలాంటి చోట్లన్నీ నింపేస్తారు. కార్తీకం ముగిశాక, క్రిస్మస్ సెలవులకు ముందు డిసెంబరులో ఒక మంగళవారమో బుధవారమో చూసుకోవాలి. పుట్టినరోజు ఆదివారం పడితే రెండు రోజులు ఆగినా నష్టం లేదు. పొద్దున్న ఆరింటికి ముందే బయల్దేరితే అచ్యుతాపురం వైపు కంపెనీ బస్సుల రద్దీ చాలావరకు తప్పుతుంది. మంచు పట్టి ఉంటే మాత్రం తెల్లారేదాకా ఆగి బయల్దేరండి.

ఒక వారం ముందు, అదే వారం, అదే వేళకు ఒక్కరే వెళ్లి చూసి రండి. ఎనిమిదింటికి నీడ ఏ చెట్టు కింద పడుతోంది, అక్కడ చీమల పుట్టలున్నాయా, దగ్గర్లో మరుగుదొడ్డి ఉందా, పెళ్లి ఫొటోల బృందాలు ఏ గట్టున దిగుతున్నాయి అన్నవి ఫోన్లో వెతికితే దొరకవు. దోనె నడిపే ఆయనతో బేరం కూడా అప్పుడే కుదుర్చుకోండి. ఆవిడ ఎదురుగా రేటు దగ్గర వాదన మొదలైతే తెచ్చిన ప్రశాంతత అక్కడే పోతుంది. పుట్టినరోజని మాత్రం ఆయనకు చెప్పకండి. పాపం, ఆయన సంతోషం కొద్దీ నలుగురికీ చెబుతాడు.

తిండికి దద్దోజనం చాలు. గ్లాసు బియ్యానికి మూడు గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా వండి, వేడి మీదే మెదపండి. గోరువెచ్చన అయ్యాక రెండు గ్లాసుల కాచి చల్లార్చిన పాలు, అర గ్లాసు పెరుగు కలపండి. అంతా పెరుగే పోస్తే దారిలో గట్టిపడి పులుస్తుంది. పాలు ఎక్కువైతే తినే వేళకు కమ్మగా, జారుగా ఉంటుంది. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ పోపు చాలు. పూర్తిగా చల్లారాకే డబ్బా మూత పెట్టండి. ఆవిరి చేరితే అన్నం చెమ్మగిల్లి త్వరగా పాడవుతుంది. కాఫీ పోసే ఫ్లాస్కులో ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలుంచి పారబోస్తే వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. ఒక చాప, తాగే నీళ్లు, చెత్తకు ఒక సంచి. అంతకు మించి మోసుకెళ్తే అదే మళ్లీ హడావిడి.

ముందు రోజు రాత్రి ఆవిడకు చెప్పాల్సింది ఇంతే: "రేపు పొద్దున్న మనిద్దరమే బయటికెళ్దాం. పదకొండింటికల్లా ఇంట్లో ఉంటాం. పాత చెప్పులు వేసుకో." సెలవు సంగతి వారం ముందే ఆవిడతోనే మాట్లాడి, ఆవిడే పెట్టుకునేలా చూడాలి. చాటుగా సహోద్యోగులకు ఫోన్ చేస్తే మర్నాడు కౌంటర్ దగ్గర అందరూ అదే అడుగుతారు.

దోనె ఎక్కడం మాత్రం ఆశ్చర్యంగా ఉంచకండి. అది ఊగుతుంది, ఈత రాని మనిషికి భయం. గట్టు మీదే అడిగి, వద్దంటే వదిలేయండి. ఎక్కితే లైఫ్ జాకెట్ తప్పనిసరి. అనుకోకుండా జనం దిగారా? అక్కడి నుంచి తంతడి తీరం వైపు మళ్లిపోండి. అక్కడ ఒడ్డున కూర్చోవడమే తప్ప నీళ్లలోకి దిగొద్దు.

కూర్చున్నాక "ఎలా ఉంది? నచ్చిందా?" అని పదేపదే అడిగితే ఆవిడకు మెచ్చుకోవాల్సిన పని పడుతుంది. ఫొటో తీసినా స్టేటస్‌లో పెట్టొద్దు, పెడితే శుభాకాంక్షల ఫోన్లు అక్కడికే వస్తాయి. చోటు దాచినందుకే ఆవిడ దారిలో కంగారు పడుతుంటే ఆ గుట్టు కూడా విప్పేయండి. డబ్బాలో ఏముందో మాత్రం చెప్పకండి.