మెకానికల్ చదివి డేటా ఉద్యోగం అడిగితే

మెకానికల్ ఇంజినీరింగ్ చదివిన కుర్రాడు డేటా అనలిస్ట్ ఉద్యోగానికి మెయిల్ పెడితే, హెచ్‌ఆర్‌ వాళ్లకు మొదట వచ్చే అనుమానం ఒకటే: ఇతను ఇటెందుకు వస్తున్నాడు? ‘డేటా అంటే నాకు ప్యాషన్’ అన్నది దానికి జవాబు కాదు. ఆ ముక్క ఏ ఉద్యోగానికైనా అతుకుతుంది.

చేసిన పని చెబితే నమ్ముతారు. ఉదాహరణకు ఇలా రాయొచ్చు: ‘విడిభాగాల ఫ్యాక్టరీలో ఏడాది క్వాలిటీ విభాగంలో ఉన్నాను. పనికిరాని భాగాల లెక్క రోజూ ఎక్సెల్‌లో ఎక్కించేవాణ్ని. షిఫ్టులవారీగా విడదీసి చూస్తే, ఎక్కువ లోపాలు ఒకే మెషీన్ మీద, టూల్ మార్చే ముందు గంటల్లో వస్తున్నాయని తేలింది. అప్పటి నుంచే ఈ పని మీద మనసు పడింది. తర్వాత ఎస్‌క్యూఎల్ నేర్చుకుని, నమూనా అంకెలతో అదే విశ్లేషణ చేశాను. ఫైలు జతచేశాను.’ నమూనా అంకెలని ఎందుకన్నానంటే, పాత కంపెనీ లెక్కలు బయటికి పంపేవాణ్ని కొత్త కంపెనీ కూడా నమ్మదు.

డిగ్రీ సంగతి దాచక్కర్లేదు, సంజాయిషీ అసలే వద్దు. ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్లాలి. ‘కోర్‌లో ఉద్యోగాల్లేవు’ అని రాస్తే, అక్కడ దొరికిన రోజున వెళ్లిపోతాడనుకుంటారు. పైథాన్ ఇంకా నేర్చుకుంటుంటే ఆ మాటే రాయాలి. లేదంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

పంపేముందు కంపెనీ పేరు, ఉద్యోగం పేరు మార్చి ఒకసారి చదవండి. అప్పటికీ మెయిల్ అతికినట్టు సరిపోతే, మళ్లీ రాయండి.