సమీక్ష వీడియో నుంచి పోలిక పట్టికకు: విద్యుత్ స్కూటర్ సమీక్షల్లో తెలుగు వాక్యం, అంకె, తీర్పు

వ్యాససంగ్రహం

వస్తు సమీక్ష వీడియోలో వినిపించే లక్షణాలను, ధరలను, తీర్పులను పోలిక పట్టికగా మార్చేటప్పుడు అంకె మాత్రమే పట్టికకు చేరి, ఆ అంకెను ఎవరు, ఏ ఆధారంతో, ఎప్పుడు చెప్పారన్నది జారిపోతుంది. తెలుగు వాక్యంలో ఈ ఆధారం క్రియారూపంలోనే దాగి ఉంటుంది. సంగారెడ్డి-పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో విధులకు వెళ్లివచ్చే కార్మికుడు రెండు విద్యుత్ స్కూటర్లను పోల్చుకొనే సందర్భాన్ని ఉదాహరణగా తీసుకొని, ఆ ఆధారాన్ని కాపాడే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: సమీక్ష వీడియో, పోలిక పట్టిక, విద్యుత్ స్కూటర్, రేంజ్, ఆన్-రోడ్ ధర, క్రియారూపాలు, తెలంగాణ మాండలికం.

1. ఉపోద్ఘాతం

65వ నంబరు జాతీయ రహదారి వెంట రామచంద్రాపురం, పటాన్‌చెరు, పాశమైలారం, సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్ వరకు పరిశ్రమలు విస్తరించి ఉన్నాయి. షిఫ్టులలో పనిచేసేవారిలో ఎందరో సొంత ద్విచక్ర వాహనంపైనే వెళ్లివస్తారు. సంగారెడ్డిలో నివసిస్తూ పాశమైలారంలో పనిచేసే ఒక కార్మికుడు రానుపోను రోజుకు 50 కిలోమీటర్లు తిరుగుతాడని అనుకుందాం. విద్యుత్ స్కూటర్ కొనదలచిన అతడు రెండు తెలుగు సమీక్ష వీడియోలు చూసి, ఒక కాగితంపై రెండు నిలువు గళ్లు గీస్తాడు. ఆ కాగితం మీద ఆధారపడి లక్ష రూపాయలకు పైగా అప్పు తీసుకోబోతున్నాడు. కాబట్టి గడిలోకి ఏది చేరాలి, ఏది చేరకూడదు అన్నది అతనికి చిన్న విషయం కాదు.

ఈ వ్యాసంలోని వీడియో వాక్యాలు వివరణ కోసం కూర్చిన నమూనాలు. స్కూటర్లను ‘క’, ‘ఖ’ అని మాత్రమే వ్యవహరిస్తున్నాను.

2. నమూనా వాక్యాలు

‘క’ స్కూటర్ వీడియో 2025 మార్చిలో వచ్చిందనుకుందాం. అందులోని మాటలు ఇవి:

“బ్యాటరీ రెండు పాయింట్ తొమ్మిది. ఫుల్ చార్జ్ పెడితే నూట నలభై వస్తదంట. నేను ఒక్కణ్నే ఎకో మోడ్‌ల తిప్పితే నూట రెండు వచ్చింది. రేటు లక్షా పదిహేను, ఎక్స్-షోరూమ్. ఆన్-రోడ్ ఒకటీ ఇరవై ఎనిమిది లోపు పడతది. రోజుకు నలభై, యాభై తిరిగేటోళ్లకైతే మంచిగనే ఉంటది. రోజూ ఇద్దరు కూసొని పోయేటోళ్లకు మాత్రం నేనైతే చెప్ప.”

‘ఖ’ వీడియో 2025 మే నెలది:

“బ్యాటరీ మూడు పాయింట్ రెండు. కంపెనీవాళ్లు నూట అరవై అంటున్నరు. మనకు నూట ఇరవై దాకా రావచ్చు. ఎక్స్-షోరూమ్ లక్షా ముప్పై. సూపర్ బండి.”

తొందరలో తయారుచేసిన పట్టికలో ‘క’ రేంజ్ 102, ‘ఖ’ రేంజ్ 120 అని పడుతుంది. ధరలో తేడా 15,000 అని పడుతుంది. తీర్పుల గడిలో ఒకచోట “మంచిగనే”, మరొకచోట “సూపర్” అని పడుతుంది. ఈ మూడు వరుసలూ వీడియోల్లోని మాటలే. అయినా మూడింటిలోనూ పోలిక తప్పింది. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

3. లక్షణాలు: క్రియారూపం చెప్పే ఆధారం

మైలేజీకి విద్యుత్ వాహనాల్లో సమానమైన మాట ‘రేంజ్’. అంటే ఒకసారి పూర్తిగా చార్జ్ చేస్తే నడిచే దూరం. కంపెనీ ప్రకటించే రేంజ్ సాధారణంగా భారతీయ డ్రైవింగ్ సైకిల్ ప్రకారం కొలిచినది. ఇందులో వాహనాన్ని ప్రయోగశాలలో రోలర్లపై, ముందే నిర్ణయించిన వేగాల క్రమంలో నడుపుతారు. లారీల మధ్య ఎదురుగాలిలో సాగే రహదారి ప్రయాణం, వెనుక కూర్చున్న మనిషి బరువు ఆ కొలతలో కనిపించవు. అందువల్ల రోడ్డు మీద వచ్చే దూరం తక్కువగా ఉండటం సహజం.

పై వాక్యాల్లో దూరం గురించి మూడు రకాల క్రియలున్నాయి. “వస్తదంట”, “అంటున్నరు” అనేవి పరోక్ష కథనాలు. సమీక్షకుడు ఇతరుల మాటను చేరవేస్తున్నాడు. గ్రంథాల్లో ‘అట’గా కనిపించే ఈ ప్రత్యయమే వ్యవహారంలో ‘అంట’ అయింది. “వచ్చింది” అనే భూతకాల క్రియ తాను నడిపి చూసిన ఫలితాన్ని చెబుతుంది. “రావచ్చు” అనేది సంభావన. ఇది చెప్పినదీ కాదు, చూసినదీ కాదు, ఊహించినది.

కనుక రేంజ్‌కు ఒక వరుస చాలదు, మూడు వరుసలు కావాలి: కంపెనీ చెప్పినది, నడిపి చూసినది, అంచనా వేసినది. ఇలా విడదీస్తే ‘క’లోని 102, ‘ఖ’లోని 120 ఒకే వరుసలో పడవు. ‘ఖ’ను నడిపి చూసిన ఫలితం వీడియోలో లేనే లేదు. ఆ గడి ఖాళీగా ఉండాలి. ఖాళీ గడిని చూసి ఇబ్బందిపడి, దాన్ని పక్క వరుసలోని అంకెతో నింపడమే ఈ పనిలో అతిసామాన్యమైన తప్పు.

“వస్తది” అనే తద్ధర్మ రూపం దగ్గర మరింత జాగ్రత్త అవసరం. అది అనుభవాన్నీ చెప్పగలదు, కంపెనీ కరపత్రాన్నీ చదవగలదు. వీడియోలో అంతకుముందు బండిని నడిపిన దృశ్యం, మీటరుపై మొదటి, చివరి అంకెలు కనిపిస్తేనే దాన్ని ‘నడిపి చూసినది’ వరుసలో వేయాలి. లేకపోతే కంపెనీ మాటగానే లెక్కించడం మేలు.

4. అంకెలు: విన్నది, రాసినది

మాటల్లో ధర చెప్పేటప్పుడు తెలుగువారు వేలను వదిలేస్తారు. “లక్షా పదిహేను” అంటే 1,15,000. “ఒకటీ ఇరవై ఎనిమిది” అంటే 1,28,000. “లోపు” గరిష్ఠ పరిమితిని, “చిల్లర” కనిష్ఠ పరిమితిని సూచిస్తాయి. “ఒకటీ ఇరవై ఎనిమిది లోపు” అన్నదాన్ని 1,28,000 అని కాక “1,28,000 లోపు” అనే రాయాలి. పరిమితిని ఖచ్చితమైన ధరగా మార్చే అధికారం పట్టిక రాసేవారికి లేదు.

రహదారి శబ్దంలో “అరవై”, “ఇరవై” ఒకేలా వినిపిస్తాయి. “పదిహేను”, “పదిహేడు” కూడా అంతే. యంత్రం రాసిన ఉపశీర్షికల్లోనూ ఇదే పొరపాటు దొర్లుతుంది. అనుమానం వస్తే తెరపై కనిపించే అంకెతో సరిచూడాలి. మరో తనిఖీ బ్యాటరీ పరిమాణం. ‘క’లో 102 కిలోమీటర్లను 2.9 యూనిట్లతో భాగిస్తే యూనిట్‌కు సుమారు 35 కిలోమీటర్లు వస్తాయి. కంపెనీ చెప్పిన 140కి అదే లెక్క 48. నడిపి చూసిన ఫలితం కంపెనీ అంకెను మించితే, విన్నదో రాసినదో తప్పయి ఉండే అవకాశమే ఎక్కువ. అప్పుడు ఆ క్షణానికి వెళ్లి మళ్లీ వినాలి. ఇందుకోసం ప్రతి గడిలో సమయాన్ని నమోదు చేసుకోవాలి. యూట్యూబ్ చిరునామా చివర `&t=250s` అని చేర్చితే వీడియో నేరుగా 4 నిమిషాల 10 సెకన్ల దగ్గర మొదలవుతుంది.

5. ధర: తేదీ, స్థలం లేని అంకె అసంపూర్ణం

‘క’ ధర మార్చి నాటిది, ‘ఖ’ ధర మే నాటిది. ఆ రెండు నెలల మధ్య కేంద్ర ప్రభుత్వ పీఎం ఈ-డ్రైవ్ పథకంలో రాయితీ మారింది. 2024 అక్టోబరు 1న ఈ పథకం మొదలైనప్పుడు ద్విచక్ర వాహనానికి బ్యాటరీ యూనిట్‌కు 5,000 రూపాయలు, గరిష్ఠంగా 10,000 ఇచ్చేవారు. 2025 ఏప్రిల్ 1 నుంచి అది యూనిట్‌కు 2,500, గరిష్ఠంగా 5,000 అయింది. ‘క’ బ్యాటరీ 2.9 యూనిట్లు కాబట్టి రెండు సందర్భాల్లోనూ గరిష్ఠ పరిమితే వర్తిస్తుంది. అంటే మార్చిలో 10,000, మేలో 5,000. తగ్గిన రాయితీని కంపెనీ కొనుగోలుదారుపై పూర్తిగా వేస్తే ‘క’ మే నెల ధర 1,20,000 అవుతుంది. వేస్తుందో లేదో షోరూమ్‌లోనే తెలుస్తుంది. కాబట్టి 15,000 అని కనిపించిన తేడా నిజంగా 10,000 మాత్రమే కావచ్చు.

ఆన్-రోడ్ ధరకు స్థలం కూడా ముఖ్యం. అందులో బీమా, రిజిస్ట్రేషన్, రోడ్డు పన్ను, అదనపు సామగ్రి కలిసి ఉంటాయి. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. మరో రాష్ట్రంలో తీసిన తెలుగు వీడియోలోని ఆన్-రోడ్ ధరను సంగారెడ్డి గడిలోకి ఎత్తిరాయడం అందుకే కుదరదు. అలాంటప్పుడు ఎక్స్-షోరూమ్ ధరను మాత్రమే తీసుకొని, మిగిలినది స్థానికంగా అడిగి నింపుకోవాలి.

6. తీర్పు: షరతుతో సహా

“మంచిగనే ఉంటది” అన్న మాటకు, “మంచిగుంటది” అన్న మాటకు తేడా ఉంది. ఇక్కడి ‘-నే’ మెచ్చుకోలును పెంచదు, తగ్గిస్తుంది. సర్దుకుపోవచ్చన్న ధ్వని ఇస్తుంది. “తిరిగేటోళ్లకైతే” అనడంలోని ‘అయితే’ తీర్పుకు షరతు పెడుతుంది. షరతు లేకుండా తీర్పును గడిలో వేస్తే అది మరో తీర్పు అవుతుంది.

“నేనైతే చెప్ప” అన్న చివరి మాట ఇంకా సున్నితమైనది. తెలంగాణ మాండలికంలో “చెప్ప” అంటే చెప్పను అని అర్థం. మాండలికం ఎరుగని శ్రోత గాని, ఉపశీర్షికలు రాసే యంత్రం గాని దీన్ని “చెప్పా” అని గ్రహిస్తే నిరాకరణ కాస్తా సిఫారసుగా మారిపోతుంది.

‘ఖ’కు ఇచ్చిన “సూపర్ బండి” అన్న తీర్పుకు షరతూ లేదు, కారణమూ లేదు. అలాంటి తీర్పు పక్కన ప్రాయోజిత ప్రకటన ఉందో లేదో రాసుకోవాలి. ఎండార్స్‌మెంట్లకు సంబంధించి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, కంపెనీతో ఉన్న ఆర్థిక సంబంధాన్ని వీడియో వివరణలో మాత్రమే కాక వీడియోలోనే చెప్పాలి.

7. సరిదిద్దిన పట్టిక

| అంశం | స్కూటర్ క (2025 మార్చి) | స్కూటర్ ఖ (2025 మే) |
|---|---|---|
| బ్యాటరీ | 2.9 యూనిట్లు | 3.2 యూనిట్లు |
| రేంజ్: కంపెనీ మాట | 140 కి.మీ. | 160 కి.మీ. |
| రేంజ్: నడిపి చూసినది | 102 కి.మీ. (ఒక్కరు, ఎకో మోడ్) | — |
| రేంజ్: అంచనా | — | 120 కి.మీ. వరకు |
| ఎక్స్-షోరూమ్ | 1,15,000 (పాత రాయితీతో) | 1,30,000 (కొత్త రాయితీతో) |
| ఆన్-రోడ్ | 1,28,000 లోపు | — |
| తీర్పు | రోజుకు 40–50 కి.మీ. అయితే ఫరవాలేదు, రోజూ ఇద్దరైతే వద్దు | “సూపర్”, కారణం చెప్పలేదు |

స్థలాభావం వల్ల ఇక్కడ సమయసూచికలను, ప్రాయోజిత ప్రకటన వరుసను వదిలివేశాను. సొంత పట్టికలో అవి తప్పక ఉండాలి.

8. ముగింపు

సరిదిద్దిన పట్టిక మొదటిదానికన్నా తక్కువ చెబుతున్నట్లు కనిపిస్తుంది. కానీ ఏమి అడగాలో అది చూపుతుంది. రోజుకు 50 కిలోమీటర్లు, అదీ ఒంటరిగా తిరిగే కార్మికుడికి ‘క’ ఇచ్చిన 102 కిలోమీటర్లు చాలు. ‘ఖ’కు అదనంగా చెల్లించే ముందు, దాన్ని నడిపి చూసిన మరో వీడియో వెతకాలి, లేదా తానే టెస్ట్ రైడ్‌కు వెళ్లాలి. తోటి ఉద్యోగిని రోజూ వెనుక ఎక్కించుకొని వెళ్లేవాడైతే ‘క’ విషయంలో సమీక్షకుడి నిరాకరణ అతనికే వర్తిస్తుంది; ‘ఖ’ గురించి ఆ ప్రశ్నకు వీడియోలో జవాబు లేదు. షోరూమ్‌కు వెళ్లేటప్పుడు అతడు వెంట తీసుకెళ్లవలసినవి ఆ ఖాళీ గడులే.