హుడ్ లాగే గాలి ఎక్కడి నుంచి రావాలి?

మన ఊళ్లలో చాలా హోటళ్లు ఒకే దారిలో మారుతూ వచ్చాయి. మొదట కిటికీలు బార్లా తెరిచి, పైన ఫ్యాన్లు తిరిగే హాలు. వ్యాపారం నిలదొక్కుకున్నాక కిటికీల స్థానంలో అద్దాలు బిగించి, స్ప్లిట్ ఏసీలు పెట్టి, బయట కొత్త బోర్డు. వంటగదిలో మాత్రం ఏమీ మారదు. అవే పొయ్యిలు, అదే హుడ్, డాబా మీద అదే బ్లోయర్. అయినా మొదటి వేసవిలోనే గొడవ మొదలవుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే హాల్లో ఉక్కపోత. తాలింపు ఘాటు టేబుళ్ల దాకా వస్తుంది. లోపల దోశ పెనం కింద మంట ఒక పక్కకు వాలిపోతుంది. యజమాని ముందు ఏసీ మెకానిక్‌ను పిలుస్తాడు, తర్వాత హుడ్ బిగించినాయన్ని. బ్లోయర్ చాలడం లేదండీ అంటాడాయన. పెద్ద మోటారు వేస్తారు. బాధ తగ్గకపోగా పెరుగుతుంది.

ఎందుకు పెరుగుతుందో తెలియాలంటే హుడ్ ఎంత గాలి లాగుతుందో చూడాలి. లెక్క కోసం విజయవాడలో అరవై మంది కూర్చునే ఒక హోటల్ అనుకుందాం. పొయ్యిల మీద పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పున్న హుడ్. అంటే నలభై చదరపు అడుగుల నోరు. ఆ నోట్లోకి గాలి నిమిషానికి వంద అడుగుల వేగంతో పోతే, నిమిషానికి 4000 ఘనపుటడుగుల గాలి బయటికి వెళ్తుంది. ఈ పని చేసేవాళ్లు దీన్నే 4000 సీఎఫ్ఎం అంటారు. హాలు 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అనుకుంటే అందులో పట్టే గాలి మొత్తం 12,000 ఘనపుటడుగులు. హుడ్ మూడు నిమిషాల్లో ఒక హాలుడు గాలిని ఊడ్చేస్తుందన్నమాట. తూకంలో చెప్పాలంటే నిమిషానికి నూట ముప్పై కిలోల గాలి.

ఇంత గాలి బయటికి పోవాలంటే అంతే గాలి లోపలికి రావాలి. కిటికీలు తెరిచి ఉన్న రోజుల్లో అది ఎవరికీ తెలియకుండానే వచ్చేది. ఏసీ కోసం సందులన్నీ మూసేశాక ఆ దారి పోయింది. వెనక తలుపు ఈగలకు భయపడి మూసేశారు. ఇంజనీర్లు మేకప్ ఎయిర్ అనేది, మన హోటల్ పనివాళ్లు ఫ్రెష్ ఎయిర్ అనేది ఇదే: పోయిన గాలికి బదులుగా రావాల్సిన గాలి. అది రాకపోతే బ్లోయర్ తిరుగుతూనే ఉంటుంది గానీ, మూత బిగించిన సీసాలోంచి స్ట్రాతో తాగబోయినట్టు, లాగేకొద్దీ లోపల ఒత్తిడి పడిపోతుంది తప్ప వచ్చేది తక్కువ. అక్కడ పెద్ద మోటారు వేస్తే ఒత్తిడి ఇంకా పడుతుంది.

ఈ ఒత్తిడి చాలా చిన్నది, అయినా చేసే పనులు చిన్నవి కావు. వాకిలి దగ్గర మొదట తెలుస్తుంది. లోపలి ఒత్తిడి బయటి కన్నా 30 పాస్కల్స్ తగ్గిందనుకుందాం. నీటిమట్టంలో చెబితే మూడు మిల్లీమీటర్లు. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పున్న అద్దం తలుపు మీద ఇది ఆరు కిలోల తోపుడు. బయటికి తెరుచుకునే తలుపైతే పిల్లలు, పెద్దవాళ్లు లాగలేక అవస్థ పడతారు. లోపలికి తెరుచుకునేదైతే పూర్తిగా మూసుకోదు, సందులోంచి ఈల వేస్తుంది. తలుపు క్లోజర్ పాడైందని దాన్ని మారుస్తారు!

తర్వాత వాష్‌రూమ్. అక్కడ గోడకు ఉన్న చిన్న ఫ్యాన్‌కు ఈ ఒత్తిడికి ఎదురు నిలిచే సత్తువ ఉండదు. వంటగది బ్లోయర్ సంగతి వేరు, ఫిల్టర్లను, పొడవాటి డక్టును దాటి గాలిని తోసేందుకు దాన్ని వందల పాస్కల్స్ బలంతో చేస్తారు. రెండింటికీ పోటీ పడితే చిన్న ఫ్యాన్ రెక్కలు తిరుగుతూనే ఉండగా వాటి మధ్య నుంచి గాలి వెనక్కి లోపలికి వస్తుంది. ఆ గాలి వాష్‌రూమ్ మీదుగా, హాలు మీదుగా వంటగదికి పోతుంది. వాసన దారి అది.

హాల్లో ఉక్కపోతకు కారణం కూడా ఇక్కడే ఉంది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. చల్లబడిన ఆ గాలిని హుడ్ లాక్కుపోతుంటే, దాని స్థానంలో వాకిలి సందుల్లోంచి, ఫాల్స్ సీలింగ్ పై నుంచి బయటి వేడిగాలి, తేమగాలి దూరుతుంది. మే నెలలో విజయవాడ గాలిని 1000 సీఎఫ్ఎం చొప్పున చల్లబరచాలంటే దానికే సుమారు ఐదు టన్నుల ఏసీ కావాలి. హాల్లోకి ఇలా 2000 సీఎఫ్ఎం చొరబడితే పది టన్నులు. హాలుకు పెట్టింది మొత్తం ఎనిమిది టన్నులైతే మరి అక్కడ కూర్చున్న అరవై మంది ఒంటి వేడి ఎవరు తియ్యాలి? ఏసీ మెకానిక్ గ్యాస్ ఎంత నింపినా ఈ లెక్క మారదు.

ఇక మంట. హాలుకూ వంటగదికీ మధ్య వంటకాలు అందించే కిటికీ ఉంటుంది. నాలుగడుగులకు రెండడుగులు, ఎనిమిది చదరపు అడుగులు. హుడ్‌కు కావాల్సిన గాలిలో చాలా భాగం ఈ ఒక్క సందులోంచే రావాల్సి వచ్చినప్పుడు అక్కడ నిమిషానికి మూడు వందల అడుగుల గాలి వీస్తుంది. దానికి ఎదురుగా ఉన్న పొయ్యి మంట వంగుతుంది, గిన్నె అడుగు ఒక పక్కే కాలుతుంది, సిమ్‌లో పెట్టిన బర్నర్ ఆరిపోయి గ్యాస్ వదులుతుంది. పొయ్యి మీద నుంచి నిలువుగా లేచే వేడి పొగ కూడా అదే గాలికి పక్కకు వాలి, హుడ్ అంచు తప్పించుకుని బయటపడుతుంది. హుడ్ నిజానికి పొగను దూరం నుంచి లాక్కోదు. పైకి లేచి వచ్చినదాన్ని పట్టుకుని బయటికి పంపుతుంది, అంతే. ఆ పొగ దారి చెదిరితే ఎంత పెద్ద బ్లోయర్ ఉన్నా దొరకదు.

మంట పచ్చగా మారితే మాత్రం వెంటనే గాలిని అనుమానించకూడదు. ఎగ్జాస్ట్ ఒక నిమిషం ఆపి చూడాలి. ఆపినప్పుడు నీలంగా, నిటారుగా నిలబడి, వేయగానే మళ్లీ చెదిరితే తప్పు గాలిది. రెండు వేళలా పచ్చగానే ఉంటే బర్నర్ రంధ్రాలు పూడుకుపోయి ఉంటాయి.

వీటన్నిటి కన్నా భయపడాల్సింది బొగ్గు తందూరు, గ్యాస్ గీజర్ లాంటివి ఉన్నచోట. సొంత గొట్టం ద్వారా పొగ వదిలే వీటికి ఫ్యాన్ ఉండదు, వేడిగాలి తేలిక కాబట్టి అది తనంతట పైకి పోతుందంతే. ఆ లాగుడు బలం కొద్ది పాస్కల్స్‌కు మించదు. గదిలో ఒత్తిడి అంతకన్నా ఎక్కువ పడిపోతే గొట్టంలో పొగ తిరగబడి లోపలికి దిగుతుంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. సాయంత్రానికి వంటవాళ్లందరికీ ఒకేసారి తలనొప్పి వస్తుంటే ఎండ దెబ్బ అని సరిపెట్టుకోకూడదు. అమెరికాలో వంటగది ఎగ్జాస్ట్‌కు వాడే ఎన్ఎఫ్‌పీఏ 96 ప్రమాణం లోపలి ఒత్తిడి బయటికన్నా 5 పాస్కల్స్‌కు మించి తగ్గకూడదంటుంది. మనం పైన అనుకున్నది 30.

జబ్బు కనిపెట్టడానికి పరికరాలేమీ అక్కర్లేదు. రద్దీ వేళ, పొయ్యిలన్నీ వెలుగుతున్నప్పుడు వంటగది వెనక తలుపు రెండు నిమిషాలు పూర్తిగా తెరవాలి. వాకిలి తలుపు తేలికై, హుడ్ అంచున పొగ ఆగిపోతే బ్లోయర్ మంచిదే, కరవైంది గాలి. ఏ మార్పూ లేకపోతే తప్పు ఎగ్జాస్ట్ వైపు ఉంది: జిడ్డు పట్టిన ఫిల్టర్లు, సాగిన బెల్టు, లేదా ఎవరూ ఊహించనిది, ఉల్టా తిరుగుతున్న మోటారు. త్రీఫేజ్ మోటారు రీవైండింగ్‌కు వెళ్లొచ్చాక రెండు వైర్లు తారుమారైతే బ్లోయర్ వెనక్కి తిరుగుతుంది. చిత్రమేమంటే అప్పుడు కూడా గాలి అటే పోతుంది, కానీ చాలా తక్కువగా. చప్పుడు వినిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వంటకాలందించే కిటికీ దగ్గర అగరుబత్తి పట్టుకుంటే ఇంకొకటి తేలుతుంది. పొగ మెల్లగా వంటగది వైపు వాలితే మంచిది. గట్టిగా లాక్కుపోతే బయటి గాలి చాలట్లేదు. హాలు వైపు వస్తే ఎగ్జాస్ట్ చాలట్లేదు.

గాలి చాలదని తేలాక ఫ్రెష్ ఎయిర్ ఫ్యాన్ పెడతారు. సగం హోటళ్లలో రెండో తప్పు ఇక్కడే జరుగుతుంది. మన హోటల్లో వంటగదికి 3300 సీఎఫ్ఎం ఇవ్వాలనుకుందాం. ఆ గాలినంతా రెండడుగుల చదరపు గ్రిల్ ఒక్కదానిలోంచి, సరిగ్గా మాస్టర్ నెత్తిమీద వదులుతారు. నాలుగు చదరపు అడుగుల్లోంచి 3300 అంటే గంటకు పదిహేను కిలోమీటర్ల గాలి. మాస్టరుకు ప్రాణం లేచొస్తుంది. మంట మాత్రం మునుపటికన్నా ఎక్కువ వణుకుతుంది, పొగ హుడ్ లోంచి బయటికి ఎగజిమ్ముతుంది. ఆయన పక్కన పెట్టుకునే స్టాండ్ ఫ్యాన్ చేసే నష్టమూ ఇదే. అలాగని ఫ్యాన్ తీసేయమనడం అన్యాయం. నలభై డిగ్రీలు దాటిన వేడిలో నిలబడేది ఆయన.

హుడ్‌ను చేరే గాలి నిమిషానికి 75 అడుగుల వేగం దాటకూడదు. అంటే 3300 సీఎఫ్ఎంకు నలభై నాలుగు చదరపు అడుగుల సన్న రంధ్రాల ప్యానెళ్లు కావాలి. వాటిని హుడ్‌కు దూరంగా, మాస్టర్ వీపు వెనక సీలింగ్‌లో పరిస్తే గాలి నెమ్మదిగా దిగి ఆయన్ని తాకి పొయ్యి వైపు సాగుతుంది. తడి ప్యాడ్ల ఎయిర్ వాషర్ గుండా పంపితే హైదరాబాద్ పొడి ఎండల్లో బాగా చల్లబడుతుంది, కోస్తా ఉక్కలో అంతగా కాదు. ఆ గాలి తీసుకునే చోటు బ్లోయర్ పొగ వదిలే చోటికి కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి, లేదంటే వదిలిన పొగే మళ్లీ లోపలికొస్తుంది.

నాలుగు వేలల్లో మూడు వేల మూడు వందలు ఇచ్చాం. మిగతా ఏడు వందలు కావాలనే హాలు నుంచి రానివ్వాలి, అప్పుడే వాసన హాలు వైపు తిరగదు. అరవై మంది కూర్చునే ఆ హాలుకు వాళ్లు పీల్చడానికి కావాల్సిన తాజా గాలి కూడా దాదాపు అంతే. కాబట్టి హాల్లోకి ఏసీ ద్వారా చల్లబరిచి 800 సీఎఫ్ఎం బయటి గాలి ఇస్తే, ముందు తినేవాళ్ల ముక్కుకు, తర్వాత వంటగదికి పనికొస్తుంది. మిగిలిన వంద వాకిలి సందుల్లోంచి బయటికి పోతూ ఎండగాలిని లోపలికి రానివ్వదు. దీనికి నాలుగు టన్నుల ఏసీ అదనంగా పడుతుంది, అయినా పైన చూసిన పది టన్నుల దొంగ భారం కన్నా నయం.

చివరికి స్విచ్‌ల సంగతి. ఎగ్జాస్ట్‌కూ ఫ్రెష్ ఎయిర్‌కూ వేర్వేరు స్విచ్‌లు పెడితే, కరెంటు బిల్లు చూసో దుమ్ము వస్తోందనో మొదట కట్టేసేది ఫ్రెష్ ఎయిర్‌నే. రెండింటినీ ఒకే స్టార్టర్‌కు కలిపి, ఒకటి ఆగితే రెండోదీ ఆగేలా వైరింగ్ చేయించాలి. ఎలక్ట్రీషియన్‌కు అది ఒక పూట పని.