స్టాక్‌ని తేటపరిచే తెల్లసొన తెప్ప

హోటల్ మేనేజ్‌మెంట్ చదివే పిల్లలకు ప్రాక్టికల్ పరీక్షలో చెమటలు పట్టించే వంటకాల్లో కాన్సొమే ఒకటి. ఫ్రెంచి వంటింటి నుంచి వచ్చిన సూప్ ఇది. తేనె రంగులో ఉంటుంది, కానీ మసక అన్నది కనపడకూడదు. లోతు గిన్నె అడుగున రూపాయి బిళ్ళ వేస్తే దాని మీది సంవత్సరం చదవగలగాలని చెఫ్‌లు అంటారు.

ఎముకలు, మాంసం గంటల తరబడి ఉడికించి తీసిన స్టాక్ ఎప్పుడూ అంత తేటగా ఉండదు. మాంసం నుంచి ఊరిన ప్రొటీన్ గట్టిపడి సన్నటి పలుకులవుతుంది. మంట ఎక్కువైతే కొవ్వు కూడా కంటికి ఆనని చుక్కలుగా చితికి నీళ్ళలో కలిసిపోతుంది. పలచటి గుడ్డలో వడగట్టినా ఇవి ఆగవు, దాని కన్నాలకంటే చిన్నవి కాబట్టి. అందుకే వంటవాళ్ళు గుడ్డులోని తెల్లసొనను పట్టుకున్నారు.

రెండు లీటర్ల చికెన్ స్టాక్ ఉందనుకుందాం. ముందు దాన్ని ఫ్రిజ్‌లో పూర్తిగా చల్లార్చి, పైన పేరుకున్న కొవ్వు తీసేయాలి. నాలుగు తెల్లసొనలు పైపైన నురగ వచ్చేంతవరకే గిలక్కొట్టాలి. కేకుకి కొట్టినట్టు గట్టిపడనివ్వకూడదు. అందులో తోలు తీసిన చికెన్ కీమా 400 గ్రాములు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ, రెండు టమాటాలు కలిపి, ఆ మిశ్రమాన్ని చల్లటి స్టాక్‌లో వేసి పొయ్యి మీద పెట్టాలి. అడుగంటకుండా గరిటెతో గీకుతూ తిప్పుతూ ఉండాలి. వేడి 50 డిగ్రీల దగ్గరకు రాగానే, అంటే వేలు పెడితే చురుక్కుమనే వేళకి, గరిటె బయటికి తీసేయాలి. ఇక ముట్టుకోకూడదు.

ఈ దశలో గిన్నెలోకి చూస్తే ఉన్న స్టాక్ కూడా పాడైపోయిందనిపిస్తుంది. బూడిదరంగు నీళ్ళలో కీమా, తెల్లటి పీచులు తేలుతుంటాయి. 60 డిగ్రీలు దాటాక ఆ పీచులు గడ్డలు కట్టి పైకి లేస్తాయి, ఒకదానికొకటి అతుక్కుని గిన్నె నిండా మందపాటి నురగ తెప్పలా పరుచుకుంటాయి. తెప్ప పగుళ్ళలోంచి చూస్తే కింద ద్రవం తేటపడుతూ మెరుస్తుంటుంది.

తెల్లసొనలో పదింట తొమ్మిది వంతులు నీళ్ళే. మిగిలినది దాదాపు అంతా ప్రొటీన్. పచ్చిగా ఉన్నప్పుడు ఆ అణువులు ఎవరికి వాళ్ళు ముడుచుకుని ఉంటాయి. వేడి తగిలితే విప్పుకుని పక్కనున్నవాటితో అల్లుకుంటాయి. కీలకం ఏమిటంటే ఈ వల పైన మాత్రమే పుట్టదు. మనం తిప్పుతూ తెల్లసొనను గిన్నె అంతటా పరిచాం కాబట్టి స్టాక్ మధ్యలోనే అల్లుకుంటుంది. అల్లుకుంటూ ముడుచుకునేటప్పుడు దగ్గర్లోని పలుకుల్ని, కొవ్వు చుక్కల్ని లోపలికి లాక్కుంటుంది. గిలక్కొట్టినప్పుడు చేరిన గాలి బుడగలు, కిందనుంచి లేచే ఆవిరి దాన్ని పైకి మోస్తాయి. టమాటా వేసింది రుచికే కాదు. తెల్లసొన స్వభావం క్షారం. పులుపు తగిలితే ప్రొటీన్ అణువుల మధ్య వికర్షణ తగ్గి, అవి తొందరగా గుమికూడతాయి.

తెప్ప కట్టాక ఒక పక్కన చిన్న కన్నం చేసి, అందులో అప్పుడొకటి అప్పుడొకటి బుడగ లేచేంత సన్నటి సెగ ఉంచాలి. కన్నంలోంచి గరిటెతో ద్రవం తీసి తెప్ప మీద నెమ్మదిగా పోస్తుంటే, అది తెప్పలోంచి దిగుతూ మరోసారి వడకడుతుంది. గంటసేపు ఇలా ఉంచితే చాలు. తళతళమని మరిగిందా, తెప్ప విరిగి పట్టుకున్నదంతా తిరిగి స్టాక్‌లో కలుస్తుంది. స్టాక్ ముందే వేడిగా ఉన్నా నష్టమే. తెల్లసొన పడీపడగానే ఉడికి ముక్కలైపోతుంది, వల అల్లుకునే వ్యవధి ఉండదు.

దించాక గిన్నె వంచి పోయకూడదు. కన్నంలోంచే గరిటెతో తోడి, తడిపిన గుడ్డమీదుగా వడగట్టాలి. అడుగున చివరి గరిటెడు మీద ఆశ వదులుకోవడమే మంచిది. పైన తేలే నూనె చుక్కల్ని కాగితంతో అద్దితే పోతాయి.

కీమా ఎందుకన్న సందేహం రావచ్చు. తెల్లసొన మసకతో పాటు రుచిని కూడా కొంత లాగేస్తుంది. ఆ లోటును మాంసం పూడుస్తుంది, తెప్పకు బలమూ ఇస్తుంది. అయితే నీళ్ళలో పూర్తిగా కరిగిపోయిన వాటిని ఈ వల ఆపలేదు. ఉప్పెక్కువైన స్టాక్ తేటపడ్డాకా ఉప్పగానే ఉంటుంది, మాడువాసనా అలాగే మిగులుతుంది.

తెప్ప విరిగిపోతే అంతా పోయినట్టు కాదు. వడగట్టి, పూర్తిగా చల్లార్చి, రెండు కొత్త తెల్లసొనలతో మళ్ళీ మొదలుపెట్టవచ్చు. రెండోసారి రుచి ఇంకాస్త పోతుంది కాబట్టి, కొంచెం కొత్త కీమా కూడా వేసుకోవాలి.