ఒళ్ళంతా నొప్పులు: రిపోర్టులో కనిపించిందల్లా కారణం కాదు

ఒళ్ళంతా సలుపు, ఎంత విశ్రాంతి తీసుకున్నా తీరని అలసట, పొద్దున లేస్తే రాత్రి అసలు పడుకోనట్టే బరువు. ఈ మూడూ కలిసి నెలల తరబడి వదలకపోతే చాలామంది ముందు చేసేది ల్యాబ్‌కి వెళ్ళి ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించుకోవడం. అన్ని పరీక్షలు ఒకేసారి చేస్తే ఏదో ఒక అంకె హద్దు దాటి కనిపిస్తుంది. ఆ అంకెకు మందు మొదలవుతుంది. అంకె సరిపోతుంది గానీ నొప్పి మాత్రం అలాగే ఉంటుంది.

ఇలాంటి ఇబ్బందిలో ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. ఫైబ్రోమయాల్జియా అనే జబ్బును రక్తపరీక్షలో పట్టుకోలేం. థైరాయిడ్, విటమిన్ డి లోపాలను పట్టుకోవచ్చు. అందుకే కనిపించినవాటి మీదే నింద పడుతుంది. అలాగని రిపోర్టులన్నీ మామూలుగా ఉంటే మిగిలేది ఫైబ్రోమయాల్జియానే అనుకోవడమూ తప్పే. దానికంటూ ప్రత్యేక లక్షణాలున్నాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 42 ఏళ్ళ ప్రైమరీ స్కూలు టీచరు, పేరు పద్మ అనుకుందాం. రెండేళ్ళుగా మెడ, భుజాలు, నడుము, పిక్కలు పీకుతున్నాయి. ఆమె చేతిలో ఉన్న రిపోర్టులో ఐదు అంకెలు తేడాగా ఉన్నాయి. టీఎస్‌హెచ్ 7.2, విటమిన్ డి 13, హిమోగ్లోబిన్ 9.8, ఈఎస్‌ఆర్ 38, ఆర్‌ఏ ఫ్యాక్టర్ 24. ఆ ల్యాబ్‌లో ఆర్‌ఏ ఫ్యాక్టర్‌కి హద్దు 20. ఇది చూసిన పక్కింటావిడ కీళ్ళవాతం అన్నది. మందుల షాపులో నరాల బలహీనత అని బీకాంప్లెక్స్ ఇచ్చారు. ఒకచోట స్టెరాయిడ్ సూది కూడా పడింది. రెండు రోజులు తేలిగ్గా అనిపించి మళ్ళీ మామూలే.

రుమటాలజిస్టు ఆ కాగితాలను పక్కన పెట్టి ముందు ఆమె చేతులు చూస్తారు. వేళ్ళు మొదలయ్యే చోట ఉన్న కణుపుల వరుసను రెండు వైపుల నుంచీ మెల్లగా నొక్కుతారు. కీళ్ళవాతంలో అక్కడ నొప్పితో పాటు వాపు వేలికి తగులుతుంది, కణుపుల మధ్య పల్లాలు పూడిపోయినట్టుంటాయి. పద్మ చేతుల్లో వాపు లేదు. నొక్కితే నొప్పి ఉంది, కానీ ముంజేయి మధ్యలో నొక్కినా అంతే నొప్పి.

"పొద్దున ఎంతసేపు బిగుసుకుపోయి ఉంటుందమ్మా?"

"పది పదిహేను నిమిషాలండీ. కానీ నొప్పి రోజంతా ఉంటుంది. బడి నుంచి వచ్చేసరికి ఇంకా ఎక్కువ."

ఈ జవాబుకు విలువ ఉంది. వాపుతో కూడిన కీళ్ళవాతంలో పొద్దుటి బిగుతు అరగంట, గంట దాటి ఉంటుంది. చేతులు ఆడించే కొద్దీ తగ్గుతుంది. నడుం నొప్పి తెల్లవారుజామున నిద్ర లేపి, లేచి తిరిగితే తగ్గేదైతే అది వెన్నుపూసల వాపు జబ్బు కావచ్చు. పద్మ నొప్పి పని చేసే కొద్దీ పెరుగుతోంది. చికున్‌గున్యా వచ్చి తగ్గాక కూడా కీళ్ళ నొప్పులు నెలల పాటు ఉండొచ్చు కాబట్టి ఆ సంగతీ అడిగారు. రాలేదు. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మాత్రలూ వాడటం లేదు.

తర్వాత ఆమెను పొట్టిపీట మీద కూర్చోబెట్టి చేతి ఆసరా లేకుండా లేవమన్నారు. నొప్పితో మొహం చిట్లించింది గానీ లేచింది. నొప్పి ఉండటం వేరు, బలం లేకపోవడం వేరు. ఫైబ్రోమయాల్జియాలో కండరాల బలం పోదు. పీట మీంచి లేవలేకపోతే, మెట్లు ఎక్కడానికి తొడలు సహకరించకపోతే, జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవకపోతే వేరే జబ్బులు వెతకాలి. కండరాల వాపు, తీవ్రమైన థైరాయిడ్ లోపం, విటమిన్ డి కొరతతో ఎముకలు మెత్తబడటం వాటిలో ముఖ్యమైనవి.

ఇక కాగితాలు. ఈఎస్‌ఆర్ 38 అంటే ఒంట్లో ఎక్కడో వాపు ఉందని భయపడ్డారు. నిజానికి రక్తహీనత ఉంటే ఆ అంకె దానంతటదే పెరుగుతుంది, వయసుతోనూ పెరుగుతుంది. అందుకని సీఆర్‌పీ చేయించారు. అది 2, హద్దు 5 లోపే. ఆర్‌ఏ ఫ్యాక్టర్ కాస్త ఎక్కువ ఉండటం ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా కనిపిస్తుంది. దానికన్నా నమ్మదగిన యాంటీ సీసీపీ నెగటివ్ వచ్చింది. వాపు లేదు, బిగుతు లేదు, సీఆర్‌పీ లేదు. కీళ్ళవాతం మాట అక్కడితో సరి. ఏఎన్‌ఏ పరీక్ష కూడా ఇలాగే ఆరోగ్యవంతుల్లో కొందరికి పాజిటివ్ వస్తుంది. మొహం మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, మూత్రంలో ప్రొటీన్ లాంటివి లేకుండా ఆ పరీక్ష చేయిస్తే జవాబు కన్నా దిగులే ఎక్కువ మిగులుతుంది.

థైరాయిడ్ సంగతి ఇంత సులువుగా తేలదు, ఎందుకంటే లోపం నిజంగానే ఉంది. థైరాయిడ్ తక్కువైతే కండరాలు పీకుతాయి, పిక్కలు పట్టేస్తాయి, మలబద్ధకం, చలి, మందకొడితనం వస్తాయి. అయితే కండరాలను అంతగా బాధపెట్టే లోపంలో సాధారణంగా టీఎస్‌హెచ్ చాలా పెరిగి, టీ4 తగ్గి ఉంటుంది. కండరాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే సీకే అనే ఎంజైమూ పెరుగుతుంది. మడమ వెనక సుత్తితో కొడితే పాదం కదిలి, తిరిగి వెనక్కి రావడానికి ఆలస్యం చేస్తుంది. పద్మకు ఫ్రీ టీ4 మామూలుగా ఉంది, సీకే మామూలుగా ఉంది, పాదం వెంటనే వెనక్కి వచ్చింది. అంటే లోపం స్వల్పం. డాక్టరు చిన్న మోతాదులో థైరాక్సిన్ ఇచ్చి చూద్దామన్నారు. పరగడుపున మాత్ర వేసుకుని కనీసం అరగంట ఏమీ తినకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే ఆ మాత్ర ఒంటికి పట్టదు. రక్తహీనతకు ఐరన్ కూడా మొదలైంది కాబట్టి పద్మకు ఇది ముఖ్యం. జుట్టు కోసం బయోటిన్ వాడేవాళ్ళు పరీక్షకు ముందే డాక్టరుకు చెప్పాలి, కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అది థైరాయిడ్ అంకెలను తారుమారు చేస్తుంది.

విటమిన్ డి గురించి ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. ఎండలు మండే మన ప్రాంతంలో దీని కొరత ఎక్కడ చూసినా ఉంది. తిరుపతి స్విమ్స్ పరిశోధకులు పట్నాల్లోనే కాదు, చుట్టుపక్కల పల్లెల్లో కూడా కొరతను గుర్తించారు. ఇంతమందిలో ఉన్న కొరత ఒళ్ళు నొప్పులున్న మనిషిలో కనిపిస్తే, నొప్పికి అదే కారణమని చెప్పలేం. నొప్పి లేని పక్కమనిషికి పరీక్ష చేసినా అదే అంకె రావచ్చు. కొరత ముదిరి ఎముకలు మెత్తబడితే మాత్రం ఆనవాళ్ళు వేరుగా ఉంటాయి. ముంగాలి ఎముక మీద, పక్కటెముకల మీద బొటనవేలితో నొక్కితే నొప్పి, బాతులా ఊగే నడక, కింద కూర్చుంటే లేవలేకపోవడం, రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరగడం, కాల్షియం లేదా ఫాస్ఫరస్ తగ్గడం. పద్మకు ఇవేవీ లేవు. అయినా 13 తక్కువే కాబట్టి వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు 60,000 యూనిట్ల విటమిన్ డి ఇచ్చారు. ఎనిమిది వారాలంటే ఎనిమిది వారాలే. తగ్గలేదని నెలల తరబడి సొంతంగా వేసుకుంటూ పోతే కాల్షియం పెరిగి వాంతులు, కిడ్నీ ఇబ్బందులు వస్తాయి.

మూడు నెలల తర్వాత టీఎస్‌హెచ్ 2.6, విటమిన్ డి 34, హిమోగ్లోబిన్ 11.6. మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది. పిక్కలు పట్టేయడం కాస్త తగ్గింది. మిగతా నొప్పులు, అలసట, నిద్ర అలాగే ఉన్నాయి. లోపాలను సరిదిద్ది, తగినంత కాలం ఆగి, నొప్పి ఏమైందో చూడటం కూడా ఒక పరీక్షే. కానీ చాలా ఇళ్ళలో దాన్ని పరీక్షగా చూడరు. మోతాదు పెంచమంటారు, లేదంటే డాక్టరును మారుస్తారు.

1990లో అమెరికన్ రుమటాలజీ కాలేజీ ఒంటి మీద 18 చోట్ల నొక్కి, 11 చోట్ల నొప్పి ఉంటే ఫైబ్రోమయాల్జియా అనమంది. 2010లో ఆ లెక్క మారింది, 2016లో మళ్ళీ సవరించారు. ఇప్పుడు ఒంటిని 19 భాగాలుగా విడదీసి, గత వారం రోజుల్లో ఎన్నింటిలో నొప్పి ఉందో లెక్కిస్తారు. పద్మకు మెడ, వీపు, నడుముతో పాటు రెండు భుజాలు, రెండు దండచేతులు, రెండు పిరుదులు, రెండు పిక్కలు, మొత్తం 11. రెండో లెక్కలో అలసట, తాజాదనం ఇవ్వని నిద్ర, మతిమరుపు లేదా ఏకాగ్రత లోపం, ఒక్కోదానికి మూడు దాకా మార్కులు. తలనొప్పి, కడుపునొప్పి, దిగులు, ఒక్కోదానికి ఒకటి. ఆమెకు అలసటకు 2, నిద్రకు 3, మతిమరుపుకు 2, తలనొప్పికి 1, మొత్తం 8. మొదటి లెక్క కనీసం 7, రెండోది కనీసం 5 ఉండి, నొప్పి ఒంట్లో అన్ని వైపులా పరుచుకుని, కనీసం మూడు నెలలుగా ఉంటే ఫైబ్రోమయాల్జియా ఉన్నట్టే. 2016 సవరణ ఒక మాట స్పష్టంగా చెప్పింది: మరో జబ్బు ఉన్నంత మాత్రాన ఇది లేదనడానికి వీల్లేదు. థైరాయిడ్ మాత్ర వాడే మనిషికీ, నిజంగా కీళ్ళవాతం ఉన్న మనిషికీ ఇది తోడుగా ఉండొచ్చు. అలాంటి మనిషికి ఈ నొప్పి కీళ్ళవాతానిదే అనుకుని ఆ మందులు పెంచడం పెద్ద ప్రమాదం.

రిపోర్టులో లేని నొప్పి నిజమేనా అని ఇంట్లోవాళ్ళు అనుమానిస్తారు. ఆ అనుమానం మనిషిని నొప్పి కన్నా ఎక్కువ కుంగదీస్తుంది. 2002లో అమెరికాలో పరిశోధకులు రోగుల బొటనవేలి గోరు మీద నొక్కుతూ మెదడును స్కాన్ చేశారు. మామూలు మనుషుల మెదడులో నొప్పి కేంద్రాలు మేల్కొనడానికి కావలసిన ఒత్తిడిలో దాదాపు సగానికే వీళ్ళ మెదడు మేల్కొంది. కండరంలో దెబ్బ లేదు. నొప్పిని లెక్కకట్టే యంత్రాంగమే ఎక్కువ చేసి చూపిస్తోంది. నిద్రకూ దీనికీ ఉన్న ముడి 1975లోనే బయటపడింది. టొరంటోలో హార్వీ మాల్డోఫ్‌స్కీ బృందం ఆరోగ్యవంతులను పూర్తిగా లేపకుండా, శబ్దంతో గాఢనిద్రను మాత్రం చెడగొట్టింది. వాళ్ళకు పొద్దున ఒళ్ళు నొప్పులు, అలసట వచ్చాయి. అందుకే గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉన్నాయేమో పద్మ భర్తను కూడా అడిగారు. అవి ఉంటే వాటి చికిత్స వేరు.

పద్మకు రాత్రిపూట 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ మొదలుపెట్టారు. కొందరికి డ్యులాక్సెటిన్ గానీ ప్రెగాబలిన్ గానీ ఇస్తారు. స్టెరాయిడ్లు ఇందులో పనిచేయవు. మామూలు నొప్పి మాత్రలతోనూ పెద్దగా ఫలితం ఉండదు. వాటిని ఏళ్ళ తరబడి మింగితే పుండు పడేది కడుపుకే, దెబ్బ తినేది కిడ్నీలే. 2016లో యూరప్ రుమటాలజీ నిపుణులు సవరించిన సిఫారసుల్లో గట్టిగా బలపరిచింది వ్యాయామం ఒక్కదాన్నే. అయితే మొదటి రోజే అరగంట నడిస్తే రెండు రోజులు మంచం పట్టి, నడక మనకు పడదని మానేస్తారు. పద్మకు ఐదు నిమిషాల నడకతో మొదలుపెట్టి, బాగున్న రోజైనా బాగాలేని రోజైనా అంతే నడిచి, వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచమన్నారు.

ఈ పేరు పెట్టాక కూడా ఫైలు మూయకూడదు. ఆర్నెల్లకో ఏడాదికో ఆమె వేలి కణుపు వాచినా, జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా, పీట మీంచి లేవలేకపోయినా అది ఫైబ్రోమయాల్జియా కాదు, పరీక్షలు మళ్ళీ మొదలవ్వాలి. 50 దాటాక కొత్తగా భుజాలు, తుంటి బిగుసుకుపోయి సీఆర్‌పీ పెరిగితే అది పాలీమయాల్జియా కావచ్చు. దానికి స్టెరాయిడ్ కొద్ది మోతాదులోనే కొన్ని రోజుల్లో గుణమిస్తుంది. దానితో పాటు తల దువ్వితే మాడు నొప్పి, నమిలితే దవడ నొప్పి ఉంటే చూపు పోయే ప్రమాదం ఉంది కాబట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.