యూనిట్ 7: దుకాణంలో డిజిటల్ ప్రకటన తెర – దూరం నుంచి చదవగలిగేలా అమర్చడం

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తర్వాత మీరు:
- తెర మీద పడే వెలుతురు అక్షరాలను ఎలా మసకబారుస్తుందో లెక్కకట్టగలుగుతారు.
- చూసేవారి దూరాన్ని బట్టి అక్షరం ఎత్తును, తెర అడ్డమా నిలువా అన్నదాన్ని నిర్ణయించగలుగుతారు.
- తెర మెనూలోని అమరికలను సరిచేసి, ఫలితాన్ని పరీక్షించగలుగుతారు.

7.1 పరిచయం

విజయవాడలో పడమటి ముఖంగా ఉన్న ఒక మిఠాయి దుకాణాన్ని ఊహించుకోండి. ముందు అద్దం లేదు, షట్టరు ఎత్తితే దుకాణమంతా బారుగా తెరుచుకుంటుంది. యజమాని 43 అంగుళాల టీవీ కొని, ధరల పట్టిక చూపించడానికి షట్టరు పక్కనే పెట్టించాడు. రాత్రి చక్కగా కనిపిస్తుంది. సాయంత్రం నాలుగు గంటలకు, సరిగ్గా బేరాలు మొదలయ్యే వేళకు, తెర బూడిద రంగు పలకలా మారిపోతుంది. ఇంకా ఎక్కువ వెలుగునిచ్చే ఖరీదైన తెర కొనాలేమోనని అతని సందేహం. కొనక ముందే కాగితం మీద తేల్చుకోగలిగిన విషయమిది.

7.2 వెలుగు, ప్రతిఫలనం, కాంట్రాస్ట్

తెర ఇచ్చే వెలుగును నిట్లలో కొలుస్తారు. మన ఉదాహరణలోని టీవీది 350 నిట్లు. తెర మీద బయటి నుంచి పడే వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. ఇందుకు లక్స్ మీటరు వాడాలి. మొబైల్ యాప్ ఉజ్జాయింపు అంకె మాత్రమే ఇస్తుంది.

కంటికి కావలసింది వెలుగు ఒక్కటే కాదు. అక్షరానికీ దాని నేపథ్యానికీ మధ్య తేడా ఉండాలి. ఆ తేడా నిష్పత్తినే కాంట్రాస్ట్ అంటాం. తెర మీద పడిన వెలుతురులో కొంత భాగం వెనక్కి తిరిగి మన కంటికి చేరుతుంది. అది తెల్లని అక్షరానికీ నల్లని నేపథ్యానికీ సమానంగా కలుస్తుంది. తెలుపు మరికాస్త తెల్లబడినా నష్టం లేదు. నలుపు బూడిదగా మారడమే అసలు నష్టం.

తెర 4 శాతం వెలుతురును అన్ని వైపులకూ వెదజల్లుతుందని అనుకుందాం. అప్పుడు ప్రతిఫలించే వెలుగు ఇలా వస్తుంది:

```
ప్రతిఫలనం (నిట్లు) = లక్స్ × 0.04 ÷ 3.14
కాంట్రాస్ట్ = (తెర వెలుగు + ప్రతిఫలనం) ÷ ప్రతిఫలనం
```

నలుపు రంగు సొంతంగా ఇచ్చే వెలుగు చాలా తక్కువ కాబట్టి దాన్ని లెక్కలో వదిలేశాం.

షట్టరు పక్కన సాయంత్రం 10,000 లక్స్ ఉందనుకోండి. ప్రతిఫలనం 127 నిట్లు. కాంట్రాస్ట్ 477 ÷ 127, అంటే సుమారు 3.8. వెబ్ పేజీలలో మామూలు పరిమాణపు పాఠ్యానికి డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు కనీసం 4.5 ఉండాలంటాయి. ఇంత దూరం నుంచి చదవాల్సిన తెరకు అంతకంటే ఎక్కువే అవసరం. ఇక్కడ అదీ లేదు. 700 నిట్ల తెర కొన్నా వచ్చేది 6.5 మాత్రమే.

ఇప్పుడు అదే పాత టీవీని దుకాణం లోపలి పక్క గోడకు మార్చామనుకుందాం. అక్కడ వెలుతురు 1,000 లక్స్. ప్రతిఫలనం 13 నిట్లకు పడిపోతుంది. కాంట్రాస్ట్ 363 ÷ 13, అంటే సుమారు 28. తెరను రెండింతలు ప్రకాశవంతం చేస్తే దక్కని ఫలితం, చోటు మార్చితే దక్కింది. అందుకే ముందు చోటు, ఆ తర్వాతే తెర.

ఈ లెక్కకు ఒక పరిమితి ఉంది. నిగనిగలాడే తెర అద్దంలా కూడా పనిచేస్తుంది. తెరను ఆపి, కొనుగోలుదారు నిలబడే చోట నిలబడి చూడండి. నల్లని తెరలో ట్యూబ్‌లైటో, ఎండలో మెరిసే ఎదుటి గోడో కనిపిస్తే, రేపు అక్షరాల మీద పడేది అదే. తెర పై అంచును కొద్దిగా ముందుకు వంచితే ఆ ప్రతిబింబం స్థానంలో నేల కనిపిస్తుంది. పడమటి ముఖం దుకాణానికి ఎదుటి గోడ మీద ఎండ పొద్దున పడుతుంది, తెర మీద ఎండ సాయంత్రం పడుతుంది. కాబట్టి ఈ పరీక్ష రెండు పూటలా చేయాలి.

నేరుగా ఎండ పడే చోట మామూలు ఎల్‌సీడీ తెరను అసలే పెట్టకూడదు. వేడెక్కితే దానిపై నల్లని మరకలు వస్తాయి. చల్లబడ్డాక అవి పోయినా, అది తెర తట్టుకోలేకపోతోందన్న హెచ్చరికే.

7.3 అక్షరం ఎత్తు, తెర దిశ

బోర్డుల తయారీలో ఒక స్థూల సూత్రం ఉంది: అక్షరం ఎత్తు చూసే దూరంలో 120వ వంతు ఉండాలి. కొనుగోలుదారు 6 మీటర్ల దూరంలో ఉంటే అక్షరం 5 సెంటీమీటర్లు ఉండాలి.

తెలుగులో ఈ 5 సెంటీమీటర్లను మూలాక్షరానికే కొలవండి. పైన గుడికీ కింద వత్తుకూ చోటు కలిపితే ఒక వరుసకు సుమారు 10 సెంటీమీటర్లు పడుతుంది. మరీ లావు ఫాంటు వాడకండి. ద, ధ, థ అక్షరాలను వేరు చేసే చిన్న గీత, చుక్క లావులో పూడిపోతాయి.

43 అంగుళాల తెర కొలతలు సుమారు 95 × 53 సెంటీమీటర్లు. అడ్డంగా పెడితే 5 వరుసలు పడతాయి, వరుసకు అంచులు పోను 17 అక్షరాలు. నిలువుగా పెడితే 9 వరుసలు, కానీ వరుసకు 10 అక్షరాలకు మించవు. ‘బెల్లం పూతరేకులు ₹300’ అన్న వరుసకు 12 అక్షరాల చోటు కావాలి. నిలువు తెరలో ధర కింది వరుసకు దిగుతుంది. అడ్డం తెరలో పేరూ ధరా ఒకే వరుసలో కంటపడతాయి. శీర్షిక పోను నాలుగు రకాలు పడతాయి. కాబట్టి ఈ దుకాణానికి అడ్డమే తగినది.

ఒకే మిఠాయి బొమ్మను పోస్టరులా చూపాలంటే నిలువు తెర మేలు. అలా తిప్పే ముందు, నిలువుగా బిగించవచ్చని తయారీదారు పుస్తకంలో ఉందో లేదో చూడండి. వేడి బయటకు పోయే రంధ్రాలు అడ్డంగా పెట్టడానికే అమర్చి ఉండవచ్చు. విండోస్ కంప్యూటర్‌తో నడిపితే Display orientation దగ్గర Portrait ఎంచుకోవాలి. అడ్డంగా తీసిన వీడియో నిలువు తెరలో మూడో వంతు కంటే తక్కువ స్థలంలోనే కనిపిస్తుంది.

7.4 మెనూ అమరికలు, రంగులు

చాలా టీవీల మెనూలో Brightness అన్నది తెర వెలుగును పెంచదు. అది నలుపు ఎంత నల్లగా ఉండాలో నిర్ణయిస్తుంది. దాన్ని పెంచితే నలుపు బూడిదబారుతుంది. నిజంగా వెలుగు పెంచేది Backlight. పగలు దాన్ని పూర్తిగా పెంచండి, రాత్రి కళ్లు జిగేలుమనకుండా తగ్గించండి. ఇక Contrast. తెలుపు నుంచి నలుపు దాకా పది పట్టీలున్న చిత్రాన్ని తెరపై పెట్టి దాన్ని పెంచుతూ పోండి. అతి లేత పట్టీలు రెండూ కలిసిపోగానే ఒక మెట్టు వెనక్కి రండి.

నలుపు మీద ఎరుపు అక్షరాలు దుకాణదారులకు ఇష్టం. కానీ ఎరుపు ఇచ్చే వెలుగు తెలుపులో 21 శాతమే, అంటే ఈ టీవీలో సుమారు 74 నిట్లు. లోపలి గోడ మీద దాని కాంట్రాస్ట్ 6.7. షట్టరు పక్కన 1.6 మాత్రమే, అంటే దాదాపు కనిపించదు. పసుపు సుమారు 93 శాతం ఇస్తుంది కాబట్టి నలుపు మీద ఎరుపు బదులు పసుపు వాడండి. అద్దంలాంటి ప్రతిబింబం తప్పని చోట లేత నేపథ్యం మీద ముదురు మెరూన్ అక్షరాలు మంచివి. ప్రతిబింబాలు నల్లని చోట్లలోనే ఎక్కువగా కంటపడతాయి.

చివరి పరీక్ష ఇలా చేయండి. సాయంత్రం నాలుగింటికి 6 మీటర్ల దూరంలో, ఆ పట్టిక ఇంతకుముందు చూడని మనిషిని నిలబెట్టి ధరలు చదవమనండి. పేర్లు తడబడకుండా చదివి, ధరల దగ్గర తడుముకుంటే లోపం అంకెల రంగులోనో పరిమాణంలోనో ఉంది. రెండూ చదవలేకపోతే లోపం చోటులో ఉంది.

7.5 సారాంశం

బయటి వెలుతురు నలుపును బూడిదగా మార్చి కాంట్రాస్ట్‌ను తగ్గిస్తుంది. దానికి మొదటి మందు చోటు మార్చడం. దూరాన్ని బట్టి అక్షరం ఎత్తు, ఆ ఎత్తును బట్టి వరుసలు, వరుసలో పట్టాల్సిన మాటను బట్టి తెర దిశ నిర్ణయమవుతాయి. మెనూ అమరికలు ఆఖరున వస్తాయి.

7.6 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. చూసేవారు 9 మీటర్ల దూరంలో ఉంటే మూలాక్షరం ఎత్తు ఎంత ఉండాలి?
2. 3,000 లక్స్ పడే గోడ మీద 350 నిట్ల తెర కాంట్రాస్ట్ ఎంత?

జవాబులు: 1. 7.5 సెంటీమీటర్లు. 2. ప్రతిఫలనం 38 నిట్లు, కాంట్రాస్ట్ సుమారు 10.